మీ సోషల్ సెక్యూరిటీ నంబర్ మీద ఇంకెవరైనా జీతం తీసుకుంటున్నారా? ఏటా ఒకసారి చూసుకునే పద్ధతి

అమెరికాలో మీ సోషల్ సెక్యూరిటీ నంబర్ చూపించి ఇంకొకరు ఉద్యోగంలో చేరితే మీ బ్యాంకు ఖాతాలో ఒక్క డాలర్ కూడా తగ్గదు. క్రెడిట్ రిపోర్టులో ఏమీ కనిపించదు, ఎందుకంటే ఎవరూ అప్పు తీసుకోలేదు. క్రెడిట్ మానిటరింగ్‌కు నెలనెలా డబ్బు కట్టేవాళ్లకు కూడా ఇది తెలియకపోవడానికి కారణం అదే. ఐఆర్‌ఎస్ నుంచి "ఈ జీతం మీద పన్ను ఎందుకు కట్టలేదు" అని ఉత్తరం వచ్చేదాకా, లేదా మీరు అడగని నిరుద్యోగ భృతికి పన్ను పత్రం వచ్చేదాకా చాలామందికి విషయమే తెలియదు.

ఆ ఉత్తరం కోసం ఎదురుచూడకుండా మీరే ముందుగా చూసుకోవచ్చు. మూడు కాగితాలు చాలు: సోషల్ సెక్యూరిటీ కార్యాలయం దగ్గర ఉన్న మీ జీతాల చరిత్ర, ఐఆర్‌ఎస్ దగ్గర ఉన్న మీ ఆదాయ ట్రాన్స్క్రిప్ట్, మీకు ఏ భృతీ అందడం లేదని చెప్పే ధ్రువపత్రం. మూడూ ఉచితమే. పాత డబ్ల్యూ-2లు పక్కన పెట్టుకుని కూర్చుంటే మొదటిసారి రెండు గంటలు పడుతుంది, తర్వాతి ఏడాది నుంచి అరగంటలో అయిపోతుంది.

ఎప్పుడు చూడాలంటే ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో. కంపెనీలు కిందటి ఏడాది డబ్ల్యూ-2లను జనవరి 31 లోపు పంపాలి కానీ అవన్నీ మీ రికార్డులోకి ఎక్కడానికి నెలలు పడుతుంది. ఫిబ్రవరిలో చూసి "కిందటేడు జీతం లేదే" అని కంగారు పడేవాళ్లు చాలామంది. అది దొంగతనం కాదు, ఇంకా ఎక్కలేదంతే.

మొదటి మెట్టు: జీతాల చరిత్ర తెరవడం

ssa.gov/myaccount కు వెళ్లండి. అడ్రస్ మీరే టైప్ చేయండి, వెతికితే వచ్చే ప్రకటనల మీద నొక్కవద్దు. లోపలికి వెళ్లడానికి Login.gov గానీ ID.me గానీ ఖాతా కావాలి. అందులో గుర్తింపు రుజువుకు మీ రాష్ట్రం ఇచ్చిన డ్రైవింగ్ లైసెన్సును ఫోనులో ఫొటో తీసి పంపాలి. లైసెన్సు మీద పేరు, సోషల్ సెక్యూరిటీ కార్డు మీద పేరు ఒకేలా లేకపోతే ఇక్కడే ఆగిపోతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి వీసాలో FNU పడినవాళ్లకు, పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్నవాళ్లకు ఇది తరచుగా జరుగుతుంది. పదిసార్లు ప్రయత్నించే బదులు దగ్గరలోని సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు ఫోన్ చేసి సమయం తీసుకుని వెళ్లి కార్డు మీద పేరు సరిచేయించుకోవడం మేలు. దేశవ్యాప్త నంబర్ 1-800-772-1213.

మీరు కొత్తగా తెరవబోతే "ఈ నంబర్‌తో ఇప్పటికే ఖాతా ఉంది" అని వస్తే, ఎప్పుడో మీరే తెరిచి మరిచిపోయారేమో గుర్తుచేసుకోండి. తెరవలేదని గట్టిగా తెలిస్తే అదే మొదటి ప్రమాద సూచన. ఇంకొకరు మీ పేరుతో ఖాతా తెరిచి ఉండవచ్చు. వెంటనే పై నంబర్‌కు ఫోన్ చేసి ఆ ఖాతాను ఆపించండి.

లోపలికి వెళ్లాక Earnings Record అన్న పేజీ తెరవండి. ఏడాదికి ఒక వరుస, వరుసకు రెండు అంకెలు ఉంటాయి. ఒకటి సోషల్ సెక్యూరిటీ పన్ను పడిన జీతం, రెండోది మెడికేర్ పన్ను పడిన జీతం. కంపెనీల పేర్లు ఇక్కడ ఉండవు, మొత్తాలే ఉంటాయి. ఆ పేజీని పీడీఎఫ్‌గా దాచుకోండి.

రెండో మెట్టు: దేనితో పోల్చాలో తెలియడం

అసలు పొరపాట్లన్నీ ఇక్కడే జరుగుతాయి. ఆఫర్ లెటర్‌లో రాసిన జీతంతో పోలిస్తే ఏ ఏడాదీ సరిపోదు. డబ్ల్యూ-2లో 1వ గడితో పోల్చినా సరిపోదు, ఎందుకంటే 401(కే)లో వేసుకున్న డబ్బు 1వ గడిలో తగ్గుతుంది కానీ సోషల్ సెక్యూరిటీ లెక్కలో తగ్గదు. మీరు పోల్చాల్సింది 3వ గడి, 5వ గడి. 3వ గడి సోషల్ సెక్యూరిటీ జీతం, 5వ గడి మెడికేర్ జీతం. ఆ ఏడాది రెండు కంపెనీల్లో పనిచేస్తే రెండు డబ్ల్యూ-2ల్లోని అంకెలూ కూడండి.

జీతం ఎక్కువ ఉన్నవాళ్లు ఒక చిక్కు గుర్తుంచుకోవాలి. సోషల్ సెక్యూరిటీ పన్నుకు ఏటా ఒక గరిష్ఠ పరిమితి ఉంది. 2024లో అది 1,68,600 డాలర్లు, 2025లో 1,76,100 డాలర్లు. మీ జీతం ఆ పరిమితి దాటితే మొదటి నిలువు వరుసలో ఆ గరిష్ఠ అంకె మాత్రమే కనిపిస్తుంది. మీ నంబర్ మీద ఇంకొకరు మరో 30 వేలు సంపాదించినా ఆ వరుసలో ఏ తేడా రాదు. మెడికేర్‌కు అలాంటి పరిమితి లేదు. బే ఏరియాలోనో సియాటిల్‌లోనో ఉండి రెండు లక్షలు సంపాదించేవారు మొదటి నిలువు వరుస చూసి "అంతా సరిగానే ఉంది" అనుకుంటే చూసినట్టే కాదు. మీరు మెడికేర్ వరుసను 5వ గడితో పోల్చాలి.

ఇంకో సంగతి, ఇది మన పిల్లలకు ముఖ్యం. ఎఫ్-1 వీసా మీద వచ్చి ఓపీటీలో పనిచేసిన కాలానికి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు సాధారణంగా పడవు. వచ్చిన ఏడాదితో కలిపి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఆ మినహాయింపు ఉంటుంది. డిసెంబర్‌లో దిగినా ఆ ఏడాది మొత్తం ఒకటిగా లెక్కే. కాబట్టి ఓపీటీలో ఏడాదికి 80 వేలు సంపాదించినా ఈ పేజీలో ఆ ఏడాదికి సున్నా ఉండటమే సరైనది. దాన్ని చూసి జీతం నమోదు కాలేదని భయపడనక్కర్లేదు. తిరగేసి చెప్పాలంటే, ఆ ఏళ్లలో సున్నా కాకుండా ఏ అంకె ఉన్నా ఎందుకుందో తేల్చుకోవాలి. హెచ్-4 మీద ఉండి పని అనుమతి లేని ఏళ్లకూ ఇదే లెక్క. పన్నెండేళ్ల పిల్లాడి రికార్డుకైతే చెప్పనే అక్కర్లేదు.

ఉదాహరణగా ఒక రికార్డు

సురేశ్ అనే అతను 2018 ఆగస్టులో ఎం.ఎస్. కోసం టెక్సస్ వచ్చాడనుకుందాం. 2020 జూన్‌లో ఓపీటీ మీద ఉద్యోగం, 2022 అక్టోబర్ 1న హెచ్-1బీ. 2025 సెప్టెంబర్‌లో అతను రికార్డు తెరిస్తే మెడికేర్ వరుసలో ఇలా ఉంది: 2020కి సున్నా, 2021కి 6,240, 2022కి 21,750, 2023కి 93,000, 2024కి 1,17,450 డాలర్లు.

2022తో మొదలుపెడదాం. అప్పుడు అతని జీతం ఏడాదికి 90 వేలు, అంటే నెలకు 7,500. పన్ను పడింది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మూడు నెలలకే, అది 22,500. ఆరోగ్య బీమాకు నెలకు 250 చొప్పున పన్నుకు ముందే కోత పడింది, కాబట్టి 750 తగ్గి 21,750 అయింది. 5వ గడిలోనూ అదే ఉంది. సరిపోయింది.

2023లో జీతం 96 వేలు. బీమాకు 3 వేలు, 401(కే)కి 6 వేలు కోత. 1వ గడిలో 87,000 ఉంది, 5వ గడిలో 93,000. రికార్డు 5వ గడితో సరిపోయింది. అతను 1వ గడితో పోల్చి ఉంటే తన నంబర్ మీద ఎవరో ఆరు వేలు సంపాదించారని అనుకునేవాడు.

2024లో జీతం 1,02,000, బీమా కోత 3,200, 5వ గడిలో 98,800. రికార్డులో మాత్రం 1,17,450. తేడా 18,650 డాలర్లు. ఇది గుండ్రంగా లేని అంకె, బోనసుకో కోతకో ముడిపడటం లేదు.

ఇక 2021. ఓపీటీ ఏడాది, సున్నా ఉండాలి. 6,240 ఉంది. ఇక్కడ తొందరపడకూడదు. ఓపీటీలో ఉన్నవాళ్లకు కూడా కొన్ని కంపెనీల పేరోల్ వాళ్లు తెలియక పన్ను కోస్తుంటారు. అందుకే ఆ ఏడాది డబ్ల్యూ-2లో 4వ గడి, 6వ గడి చూడాలి. వాటిలో అంకెలు ఉంటే కోసింది మీ కంపెనీయే. అది దొంగతనం కాదు, వెనక్కి రావాల్సిన డబ్బు. ముందు కంపెనీని అడగాలి, వాళ్లు ఇవ్వకపోతే ఐఆర్‌ఎస్‌కు Form 843, దానికి జతగా Form 8316 పంపాలి. సురేశ్ డబ్ల్యూ-2లో ఆ గడులు ఖాళీగా ఉన్నాయి. అంటే ఆ 6,240 అతనిది కాదు.

మూడో మెట్టు: ఎక్కడ నుంచి వచ్చిందో కనుక్కోవడం

ఇప్పుడు irs.gov లో మీ ఖాతాలోకి వెళ్లి Tax Records కింద Wage & Income Transcript తీసుకోండి. పదేళ్ల దాకా వెనక్కి దొరుకుతాయి. మీ నంబర్ మీద ఐఆర్‌ఎస్‌కు చేరిన ప్రతి డబ్ల్యూ-2, ప్రతి 1099 అందులో విడివిడిగా ఉంటాయి. డబ్బు అంకెలు పూర్తిగా కనిపిస్తాయి కానీ కంపెనీ పేరులో మొదటి నాలుగు అక్షరాలు, అడ్రస్‌లో మొదటి ఆరు అక్షరాలు, కంపెనీ పన్ను గుర్తింపు సంఖ్య అయిన ఈఐఎన్‌లో చివరి నాలుగు అంకెలు మాత్రమే చూపిస్తారు. పని నడపడానికి అవి చాలు. మీ డబ్ల్యూ-2లో బీ గడిలోని ఈఐఎన్ చివరి నాలుగు అంకెలతో ఒక్కొక్కటీ సరిచూసి టిక్కు పెట్టుకుంటూ వెళ్లండి.

టిక్కు పడని కాగితం దొరికిందంటే దొంగ దొరికాడని కాదు. పేరు తెలియకపోయినా మీదే అయ్యే సందర్భాలు మూడు తరచుగా ఎదురవుతాయి. చిన్న కంపెనీలు జీతాల పని వేరే సంస్థకు అప్పగిస్తే డబ్ల్యూ-2 ఆ సంస్థ పేరుతో వస్తుంది. మానేసిన కంపెనీ షేర్లు తర్వాతి ఏడాది చేతికి వస్తే పాత కంపెనీ ఇంకో డబ్ల్యూ-2 పంపుతుంది. ప్రసూతి సెలవులోనో అనారోగ్యంలోనో బీమా కంపెనీ జీతం ఇస్తే అది కూడా డబ్ల్యూ-2 పంపవచ్చు. మీ కంపెనీ తప్పు సరిదిద్ది డబ్ల్యూ-2సీ పంపి ఉన్నా అంకెలు రెండుసార్లు పడినట్టు అనిపిస్తుంది.

సురేశ్ 2024 ట్రాన్స్క్రిప్ట్‌లో రెండు డబ్ల్యూ-2లు ఉన్నాయి. ఒకటి తనది. రెండోదాంట్లో 18,650 ఉంది, అడ్రస్ మొదటి ఆరు అక్షరాలూ అతను ఎరగనివి. 2021 ట్రాన్స్క్రిప్ట్‌లో 6,240 డబ్ల్యూ-2కు కూడా అవే నాలుగు ఈఐఎన్ అంకెలు. ఒకే చోట, మూడేళ్ల తేడాతో రెండుసార్లు. ఇక అనుమానం లేదు.

కంపెనీ పూర్తి పేరు, అడ్రస్ కావాలంటే సోషల్ సెక్యూరిటీ ఆఫీసును అడగాలి, వాళ్ల రికార్డులో ఏ ఏడాది ఏ కంపెనీ ఎంత చూపిందో ఉంటుంది. కాగితం మీద వివరంగా కావాలంటే SSA-7050 ఫారం, దానికి రుసుము ఉంది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు ఆన్‌లైన్ ఖాతా తెరవడం కుదరదు, వాళ్ల రికార్డు చూడాలన్నా తల్లిదండ్రులు సంతకం చేసి ఈ ఫారమే పంపాలి.

ఒక హద్దు కూడా తెలుసుకోవాలి. పేరు, నంబర్ రెండూ జతపడితేనే జీతం మీ వరుసలో చేరుతుంది. దొంగ మీ నంబర్‌ను వేరే పేరుతో వాడితే ఆ జీతం ఎవరికీ చెందని సస్పెన్స్ ఫైల్‌లోకి పోతుంది, మీ పేజీలో కనిపించదు. మీ సొంత జీతం కూడా ఇలాగే తప్పిపోవచ్చు. పేరోల్‌లో ఇంటిపేరు ముందు, కార్డులో వెనక ఉంటే మీ ఏడాది జీతం మొత్తం అందులో పడే ప్రమాదం ఉంది. హెచ్-1బీ మీద నిండుగా పనిచేసిన ఏడాదికి సున్నా కనిపిస్తే ముందు అనుమానించాల్సింది ఈ పేర్ల తేడాను. లేదా కంపెనీ మీ దగ్గర పన్ను కోసి డబ్ల్యూ-2 పంపకపోవడాన్ని.

నాలుగో మెట్టు: భృతి ఎవరైనా తీసుకుంటున్నారా

సోషల్ సెక్యూరిటీ ఖాతాలోనే Benefit Verification Letter అని ఒకటి దొరుకుతుంది. భృతి అందుకునేవారికి ఎంత అందుతోందో చెబుతుంది, అందనివారికి అందడం లేదని చెబుతుంది. మీకు ఏమీ రాకూడని వయసులో ఉంటే ఈ లేఖలో మొత్తం ఏదీ ఉండకూడదు. దాన్ని ఏటా దాచుకోండి, రేపు ఎవరైనా మీకు భృతి ఇచ్చామని అంటే చేతిలో ఆధారం ఉంటుంది.

నిరుద్యోగ భృతి సంగతి వేరు. అది రాష్ట్రాల పని, దేశమంతటికీ కలిపి చూసే ఒక్క చోటు లేదు. మీరు టెక్సస్‌లో ఉంటే దొంగ ఇంకేదో రాష్ట్రంలో దరఖాస్తు పెట్టవచ్చు. కానీ ఏ రాష్ట్రం ఇచ్చినా ఆ డబ్బుకు 1099-జీ వస్తుంది, అది ఐఆర్‌ఎస్‌కు చేరుతుంది, మీ ట్రాన్స్క్రిప్ట్‌లో కనిపిస్తుంది. అందుకే మూడో మెట్టులో డబ్ల్యూ-2లు మాత్రమే చూసి మూసేయకండి, చివరి పేజీ దాకా వెళ్లండి. రాష్ట్ర పన్ను వాపసుకు కూడా 1099-జీ వస్తుంది, కాబట్టి ఆ పేరు చూసి బెదరకుండా నిరుద్యోగ భృతి వరుసలో అంకె ఉందేమో చూడండి. SSA-1099 ఉంటే అది సోషల్ సెక్యూరిటీ భృతి.

ట్రాన్స్క్రిప్ట్‌లో పడేదాకా ఆగనక్కర్లేని సూచనలూ ఉన్నాయి. మీరు ఉద్యోగంలో ఉండగానే "మీరు నిరుద్యోగ భృతికి పెట్టారా" అని హెచ్‌ఆర్ నుంచి మెయిల్ రావడం, అడగని డెబిట్ కార్డు ఇంటికి పోస్టులో రావడం. ఆ కార్డును యాక్టివేట్ చేయకండి, డబ్బు వాడకండి. ఏ రాష్ట్రం పేరు ఉందో ఆ రాష్ట్ర కార్మిక శాఖకు మోసం జరిగిందని తెలియజేయాలి. అన్ని రాష్ట్రాల లింకులూ dol.gov/fraud లో ఉన్నాయి. వాళ్లను సరిదిద్దిన 1099-జీ అడగండి. అది రావడం ఆలస్యమైనా మీ పన్ను రిటర్న్‌ను ఆపకండి, మీకు అందని భృతిని ఆదాయంగా చూపకండి.

ఐదో మెట్టు: దొరికాక ఏ వరుసలో చేయాలి

ముందు IdentityTheft.gov లో ఫిర్యాదు నమోదు చేయండి. ప్రశ్నలకు జవాబులిస్తే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రిపోర్టు ఒకటి తయారై వస్తుంది. పది నిమిషాల పని, కానీ తర్వాత వెళ్లే ప్రతి చోటా దీన్నే చూపించాలి. అందుకే ఇది మొదట.

తర్వాత సోషల్ సెక్యూరిటీ ఆఫీసు. SSA-7008 ఫారం నింపి, ఆ ఏళ్ల డబ్ల్యూ-2లు, ట్రాన్స్క్రిప్ట్, పై రిపోర్టు పట్టుకుని వెళ్లండి. "నా రికార్డు తప్పు" అని కాకుండా "2024లో ఈ కంపెనీ చూపిన 18,650 డాలర్లు నావి కావు, ఆ ఏడాది నేను పనిచేసింది ఇక్కడ మాత్రమే" అని ఏడాది, కంపెనీ, మొత్తం విడివిడిగా రాయండి. ఇచ్చిన కాగితాలకు రసీదు అడగండి, మాట్లాడిన తేదీ రాసుకోండి.

దీనికి గడువు ఉంది. జీతం నమోదైన ఏడాది ముగిశాక మూడేళ్ల మూడు నెలల పదిహేను రోజులు. 2024 జీతానికి అది 2028 ఏప్రిల్ 15. సురేశ్‌కు 2021 గడువు 2025 ఏప్రిల్ 15తో దాటిపోయింది. అయినా అడగాలి. మోసం జరిగిన సందర్భాల్లో, ఒకరి జీతం ఇంకొకరికి పడిన సందర్భాల్లో గడువు దాటాక కూడా సరిదిద్దే వీలు నిబంధనల్లో ఉంది.

"జీతం ఎక్కువ పడితే రేపు పెన్షన్ పెరుగుతుంది కదా, ఉండనివ్వండి" అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. వినకండి. ఆ జీతానికి ఆదాయపు పన్ను మీ మీద పడుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు పూర్తి పదవీ విరమణ వయసుకు ముందే భృతి తీసుకుంటుంటే, 2025లో 23,400 డాలర్లు దాటిన సంపాదనలో ప్రతి రెండు డాలర్లకు ఒక డాలర్ చొప్పున వాళ్ల భృతి ఆపేస్తారు. వాళ్లు పనే చేయకపోయినా రికార్డు చేసినట్టు చెబుతుంది. వీసా మీద ఉన్నవాళ్లకు ఇంకా ఇబ్బంది: మీ స్పాన్సర్ కాని కంపెనీలో మీరు పనిచేసినట్టు ప్రభుత్వ కాగితం ఉంటుంది. గ్రీన్‌కార్డు దశలో దానికి జవాబు చెప్పాల్సి వస్తే ఈ ఫిర్యాదులే మీ రక్షణ. వాటి నకళ్లు ఇమ్మిగ్రేషన్ ఫైల్‌లో పెట్టి మీ లాయర్‌కు ముందే చెప్పండి.

ఐఆర్‌ఎస్ విషయంలో ఏ ఉత్తరం వచ్చిందన్న దాన్ని బట్టి పని మారుతుంది. CP01E వస్తే, మీ నంబర్‌తో ఇంకొకరు ఉద్యోగం చేసి ఉండవచ్చని వాళ్లే గుర్తించినట్టు. దానికి ఐఆర్‌ఎస్‌కు Form 14039 పంపనక్కర్లేదు. CP2000 వస్తే మీరు చూపని ఆదాయానికి పన్ను ప్రతిపాదిస్తున్నట్టు. దాన్ని పక్కన పెట్టకూడదు. ఒప్పుకోవడం లేదన్న గడిలో టిక్కు పెట్టి, ఆ జీతం మీది కాదని సంతకంతో ఒక పేజీ రాసి, Form 14039 జతచేసి, నోటీసు మీద ఉన్న తేదీలోగా పంపండి. ఐఆర్‌ఎస్ గుర్తింపు దొంగతనాల విభాగం నంబర్ 1-800-908-4490. ఈ-ఫైల్ చేయబోతే మీ నంబర్‌తో ఇప్పటికే రిటర్న్ వచ్చిందని తిరస్కరిస్తే, అది వాపసు కోసం చేసిన దొంగతనం. రిటర్న్‌ను కాగితం మీద నింపి, Form 14039 జతచేసి పోస్టులో పంపాలి.

ఆ కంపెనీకి కూడా ఉత్తరం రాయండి. పేరోల్ విభాగానికి రిపోర్టు నకలు జతచేసి, ఈ నంబర్ మీదని, వాళ్ల దగ్గర పనిచేసింది మీరు కాదని, డబ్ల్యూ-2సీ ద్వారా సరిచేయమని. రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. పనిచేస్తున్న మనిషి ఎవరో వెతికి ఫోన్ చేయడం లాంటివి వద్దు. ఆ మనిషి కూడా ఎవరి దగ్గరో డబ్బు పెట్టి ఆ నంబర్ కొనుక్కుని ఉండవచ్చు.

ఆరో మెట్టు: తాళాలు

మూడు తాళాలు ఉన్నాయి, ఒక్కొక్కటి ఒక్కో తలుపుకే.

ఐపీ పిన్ అనే ఆరంకెల సంఖ్య ఐఆర్‌ఎస్ ఖాతాలో దొరుకుతుంది. అది లేకుండా మీ నంబర్‌తో ఎవరూ ఈ-ఫైల్ చేయలేరు. ఏటా మారుతుంది, ప్రతి జనవరిలో కొత్తది తీసుకోవాలి. ఇది దొంగ రిటర్న్‌ను ఆపుతుంది కానీ దొంగ ఉద్యోగాన్ని ఆపదు.

ఉద్యోగాన్ని ఆపేది e-verify.gov లో myE-Verify ఖాతాలో ఉండే Self Lock. అది వేశాక మీ నంబర్‌ను ఎవరైనా ఈ-వెరిఫై వాడే కంపెనీలో ఇస్తే జతపడలేదని వస్తుంది. అన్ని కంపెనీలూ ఈ-వెరిఫై వాడవు, కాబట్టి పూర్తి రక్షణ కాదు. ఒక జాగ్రత్త: స్టెమ్ ఓపీటీలో ఉన్నవాళ్లు పనిచేయాల్సింది ఈ-వెరిఫై కంపెనీల్లోనే. కంపెనీ మారేటప్పుడు తాళం తీయడం మరిచిపోతే మీ సొంత నంబర్ మీకే అడ్డుపడుతుంది. చేరే తేదీకి ముందే తీసి, ఈ-వెరిఫై పూర్తయ్యాక మళ్లీ వేయండి.

మూడోది ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడింటిలోనూ క్రెడిట్ ఫ్రీజ్. 2018 సెప్టెంబర్ నుంచి చట్టప్రకారం ఉచితం. జీతాల దొంగతనాన్ని ఇది ఆపదు, కానీ నంబర్ ఒకసారి బయటికి పోయిందంటే అప్పు కోసం కూడా వాడతారు.

నంబర్ ఎలా పోతుందన్నదీ ఒక మాట. క్లయింట్ సబ్మిషన్ అని చెప్పి రిక్రూటర్లు చివరి నాలుగు అంకెలు, పుట్టిన తేదీ అడగడం మనవాళ్లకు బాగా అలవాటైంది. 2011 జూన్ 25కు ముందు జారీ అయిన నంబర్లలో మొదటి మూడు అంకెలు రాష్ట్రాన్ని బట్టి ఇచ్చేవారు. అలాంటి పాత నంబర్‌కు చివరి నాలుగు చెప్పడమంటే ఊహించడం కష్టమైన భాగాన్ని ఇచ్చేసినట్టే. ఉద్యోగం ఖాయమై ఐ-9 నింపేదాకా పూర్తి నంబర్, కార్డు ఫొటో ఎవరికీ వాట్సాప్‌లో పంపకండి. "మీ సోషల్ సెక్యూరిటీ నంబర్ సస్పెండ్ అయింది" అని ఫోన్ వస్తే పెట్టేయండి. నంబర్లు సస్పెండ్ కావు.

తిరిగి హైదరాబాద్‌కో విజయవాడకో వచ్చేసినవాళ్లు

మీరు అమెరికా వదిలినా నంబర్ బతికే ఉంటుంది, చూసేవాళ్లు లేకపోవడంతో దొంగకు ఇంకా వీలు. మీ చివరి జీతం వచ్చిన ఏడాది తర్వాత ప్రతి వరుసా సున్నా ఉండాలి. అంతకన్నా తేలికైన పరీక్ష ఉండదు. ఇక్కడి నుంచి ఆన్‌లైన్ ఖాతా తెరవడం కష్టం కావచ్చు, ఎందుకంటే చెల్లుబాటులో ఉన్న అమెరికా లైసెన్సు ఉండకపోవచ్చు. తిరిగి రాకముందే ఖాతా తెరిచి పెట్టుకుంటే ఈ బాధ లేదు. ఇప్పటికే వచ్చేసి ఉంటే ఐఆర్‌ఎస్‌కు Form 4506-T పంపి ట్రాన్స్క్రిప్ట్‌లు ఇక్కడి అడ్రస్‌కు తెప్పించుకోండి. CP2000 మీ పాత అపార్ట్‌మెంటుకు వెళ్లి అక్కడే ఆగిపోకుండా Form 8822 తో అడ్రస్ మార్చండి. విదేశాల్లో ఉన్నవారికి ఆ నోటీసుకు జవాబివ్వడానికి సాధారణంగా 30 బదులు 60 రోజులు ఇస్తారు, కానీ ఉత్తరం చేరితేనే ఆ రోజులు ఉపయోగపడతాయి.